నెలకు 13,750 బండి, నెలకు 18,500 బండి: ఏది చవక?

"నమస్కారమండీ. మాది విజయవాడ సత్యనారాయణపురం. చెక్కలు, కారప్పూస, అరిసెలు లాంటి పిండివంటలు చేసి మంగళగిరి, గుంటూరు, తెనాలిలో దాదాపు నలభై షాపులకు వేస్తున్నాం. వారంలో నాలుగు రోజులు గుంటూరు వైపు, రెండు రోజులు ఊళ్లోనే. కిరాయి ట్రాలీ ఆటోకి నెలకు 46,800 అవుతోంది. పండగ రోజుల్లో ఆటో దొరకదు, దొరికినా సరుకు నలిగిపోతోంది. అందుకని ఒక చిన్న సీఎన్జీ బండి పెట్టుకుందామనుకున్నాం. గ్యాసు, డ్రైవరు జీతం కలిపి నెలకు 25,500 అవుతుందని లెక్క వేశాం. డీలరు ఆన్‌రోడ్ ధర 6,20,000 చెప్పాడు. 1,20,000 మేం కట్టాలి, 5 లక్షలు ఫైనాన్సు, 8 శాతం వడ్డీ, 48 నెలలు, నెలకు 13,750. లీజు కంపెనీ అదే బండిని నెలకు 18,500కి ఇస్తానంటోంది. ఇన్సూరెన్సు, సర్వీసు వాళ్లవే, డిపాజిట్ 60,000. అద్దె అంతా ఖర్చు కింద రాసుకోవచ్చు, ఇన్‌కమ్ టాక్స్ మిగులుతుంది అని వాళ్ల అబ్బాయి చెబుతున్నాడు. మా దగ్గరున్నది లక్షన్నర. మా ఆయన కొనేద్దామంటారు, నాకు అప్పంటే టెన్షన్. హైదరాబాద్‌లో ఉండే మా మరిది అక్కడికి కూడా సరుకు పంపమంటున్నాడు. జీఎస్టీలో మేం కాంపోజిషన్ కింద ఉన్నాం. రెండు కొటేషన్లూ జత చేశాను. ఏది చవకో చెప్పండి."
— ఒక పాఠకురాలు, విజయవాడ

అమ్మా, మీ రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ముందు చెప్పాల్సింది ఏమిటంటే, ఆ రెండూ ఒకే బండికి ఇచ్చినవి కావు. లీజు కాగితంలో బండి పేరు పక్కన "క్లోజ్డ్ కంటైనర్ బాడీ" అని ఉంది. డీలరు కాగితంలో ఆ మాట లేదు, అంటే వెనక ఖాళీ తొట్టితో వచ్చే బండి. మీ సరుకు వానకు తడవకూడదు, ఎండకు నూనె వాసన పట్టకూడదు, ఒకదాని మీద ఒకటి పడి నలగకూడదు. టార్పాలిన్ కట్టుకుని తిరిగితే ఇప్పుడు ఆటోతో పడుతున్న బాధే మళ్లీ పడతారు. ఆటోనగర్‌లో బాడీ కట్టేవాళ్లను అడిగితే సైజును బట్టి, రేకు మందాన్ని బట్టి ధర చెబుతారు. నేను ఇక్కడ 55,000 వేసుకుంటున్నాను. మీరు రెండు చోట్ల అడిగి ఆ అంకె మార్చుకోండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. బాడీతోనే బండి రిజిస్ట్రేషన్ అవ్వాలి. ముందు బండి తెచ్చుకుని తర్వాత బయట బాడీ కట్టించుకుంటే, ఆ మార్పు ఆర్సీలో ఎక్కకపోతే ఫిట్‌నెస్ దగ్గరా ఇన్సూరెన్సు క్లెయిమ్ దగ్గరా ఇబ్బంది వస్తుంది.

ఇక 13,750కీ 18,500కీ ఉన్న తేడా చూసి ఏదీ తేల్చుకోలేం. మొదటి అంకెలో చాలా ఖర్చులు లేవు. రెండో అంకెలో కూడా రెండు లేవు. మొదట లీజు సంగతే చూద్దాం, అది చిన్నది.

18,500 కింద చిన్న అక్షరాల్లో "జీఎస్టీ అదనం" అని ఉంది. 18 శాతం కలిపితే 21,830. మీరు కాంపోజిషన్‌లో, అంటే అమ్మకాల మీద కొద్ది శాతమే పన్ను కట్టే చిన్న వ్యాపారుల పద్ధతిలో ఉన్నారు కాబట్టి ఆ జీఎస్టీ మీకు తిరిగి రాదు, పూర్తిగా మీ జేబులోంచే పోతుంది. రెండోది కిలోమీటర్ల హద్దు. నెలకు 2,000 దాటితే కిలోమీటరుకు 5 రూపాయలు, దాని మీదా జీఎస్టీ. మీ తిరుగుడు లెక్క వేశాను. విజయవాడ నుంచి గుంటూరు, అక్కడి నుంచి తెనాలి, మళ్లీ ఇంటికి రావడం, మధ్యలో షాపుల చుట్టూ తిరగడం కలిపితే రోజుకు 120 కిలోమీటర్లు సులువుగా అవుతుంది. అలా నాలుగు రోజులు, ఊళ్లో రోజుకు 40 చొప్పున రెండు రోజులు. వారానికి 560, నెలకు 2,400 పైచిలుకు. అంటే నెలనెలా 400 కిలోమీటర్లు ఎక్కువ. దానికి 2,000, జీఎస్టీతో 2,360. మీరు నెలకు కట్టేది 18,500 కాదు, 24,190.

నా అంచనా మీద ఆధారపడక్కర్లేదు. కిరాయి ఆటో డ్రైవరుతో మాట్లాడి ఒక రెండు వారాలు పొద్దున బయలుదేరేటప్పుడు, సాయంత్రం వచ్చాక మీటరు ఫోటో తీయించండి. దసరా, సంక్రాంతి ముందు వారాల్లో ఎన్ని ట్రిప్పులు ఎక్కువ పడతాయో మీ పాత బిల్లు పుస్తకంలో దొరుకుతుంది. లీజు ఒప్పందంలో ఈ ఒక్క అంకె తప్పితే మిగతా లెక్కంతా తప్పుతుంది.

ఇప్పుడు నాలుగేళ్లకు కలుపుదాం. అద్దె 21,830 చొప్పున 48 నెలలకు 10,47,840. అదనపు కిలోమీటర్లకు 1,13,280. కాగితాల ఫీజు 5,000. బండి తిరిగి ఇచ్చేటప్పుడు డిపాజిట్‌లో కోత 15,000 వేశాను. గుంటూరు పట్నంబజారులో నాకు తెలిసిన ఒక వ్యాపారి ఇలాగే బండి తిరిగి ఇస్తే, తలుపు మీద గీతలు, లోపల చిరిగిన సీటు, అరిగిన టైర్లు అని ఒక్కొక్కటి రాసి, డిపాజిట్‌లో సగానికి దగ్గరగా పట్టుకున్నారు. బండి తీసుకున్న రోజు ఆయన ఒక్క ఫోటో కూడా తీయలేదు, అందుకని వాదించడానికి ఏమీ లేకపోయింది. మొత్తం మీద లీజుకు నాలుగేళ్లలో 11,81,120.

కొనడం సంగతి. ఇక్కడ వడ్డీ దగ్గర కొంచెం ఆగాలి. డీలరు చెప్పిన 8 శాతం ఫ్లాట్ వడ్డీ. 5 లక్షల మీద ఏడాదికి 40,000, నాలుగేళ్లకు 1,60,000, అసలుతో కలిపి 6,60,000, దాన్ని 48తో భాగిస్తే 13,750. కానీ మీరు మొదటి నెల నుంచే అసలు కొంత కొంత తీరుస్తున్నారు కదా, చివరి నెల వరకూ 5 లక్షలకూ వడ్డీ కట్టడమేమిటి? అసలు తగ్గేకొద్దీ మిగిలిన బాకీ మీదే లెక్క వేస్తే ఇది ఎంత వడ్డీ అవుతుందో ఎక్సెల్‌లో గానీ ఫోన్‌లో షీట్స్‌లో గానీ ఇలా కొట్టి చూడండి:

```
=RATE(48,-13750,500000)*12
```

14.3 శాతం వస్తుంది. మన భాషలో చెప్పాలంటే, 8 శాతం అంటే నూటికి నెలకు అరవై ఏడు పైసలు అనుకుంటాం. నిజానికి మీరు కట్టేది రూపాయి ఇరవై పైసల వడ్డీ. ఇదేమీ మోసం కాదు, బండ్ల ఫైనాన్సులో ఇలా చెప్పడం మామూలే. కాకపోతే బ్యాంకు వాళ్లు 11 శాతం అంటే అది ఎక్కువనీ, ఇది 8 శాతమే కదా అనీ అనుకుని ఇక్కడ సంతకం పెట్టేస్తారు చాలామంది. తగ్గే బాకీ మీద 11 శాతమైతే అదే 5 లక్షలకు నెలకు 12,923 వస్తుంది. మొత్తం మీద సుమారు 40,000 మిగులుతుంది. మీ కరెంటు అకౌంటు ఉన్న బ్యాంకులో ముద్రా రుణం అడగండి, సరుకు రవాణా బండికి కూడా ఇస్తారు. బ్యాంకు కాగితాలకు పది పదిహేను రోజులు పట్టవచ్చు. డీలరు దగ్గర గంటలో అయిపోతుంది. ఆ తొందర కోసమే 40,000 పోగొట్టుకుంటామా అన్నది మీరు ఆలోచించుకోవాలి.

కింది లెక్కలో మాత్రం డీలరు చెప్పిన 13,750నే వాడుతున్నాను, లీజుకు అన్యాయం జరగకూడదని.

మీరు కట్టే 1,20,000, ఫైనాన్సు ఫీజు 8,000, బాడీకి 55,000, ఈఎంఐలు 6,60,000. మొదటి ఏడాది ఇన్సూరెన్సు ఆన్‌రోడ్ ధరలోనే ఉంది, మిగతా మూడేళ్లకు 85,000 వేశాను. కొత్త బండికి రెండేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయించాలి, దానికీ చిల్లర కాగితాలకూ 10,000. సర్వీసు, టైర్లు, క్లచ్, బ్రేకులు, బ్యాటరీకి 1,40,000. ఇది ఎక్కువ అనిపించవచ్చు గానీ, నాలుగేళ్లలో మీ బండి 1,15,000 కిలోమీటర్లు తిరుగుతుంది. అంత తిరిగే బండికి టైర్లే రెండు మూడు సార్లు మార్చాలి. ఇంకొకటి, షెడ్డులో బండి ఉన్న రోజు సరుకు ఆగదు, మళ్లీ కిరాయి ఆటోయే. ఏడాదికి ఆరు రోజులు, రోజుకు 1,500 చొప్పున నాలుగేళ్లకు 36,000. అన్నీ కలిపితే 11,14,000.

అయితే నాలుగేళ్ల తర్వాత బండి మీ చేతిలో ఉంటుంది. దాని ధర ఎంతన్నది ఈ లెక్కలో అన్నిటికంటే తెలియని అంకె. ఆటోనగర్‌లో పాత బండ్లు కొని అమ్మే ఇద్దరు బ్రోకర్ల దగ్గరికి వెళ్లి, ఇదే మోడల్, నాలుగేళ్లది, లక్ష కిలోమీటర్లు దాటింది అమ్మితే ఎంత ఇస్తారని అడగండి. కొంటే ఎంత అని అడగకండి, రెండిటికీ చాలా తేడా ఉంటుంది. నేను 2,00,000 వేశాను. అది తీసేస్తే కొన్న బండి ఖర్చు 9,14,000. నెలకు సుమారు 19,000. లీజు నెలకు 24,600.

తేడా 2,67,000. ఈ అంకె గట్టిదా కాదా అని పరీక్షించి చూశాను. నాలుగేళ్లకు బండి ఇనుప సామాను ధరకు కూడా పోలేదు, చేతికి సున్నా వచ్చిందనుకుందాం. అప్పటికీ కొనడమే 67,000 చవక. దానికి తోడు రిపేర్లు నా అంచనాకు సగం ఎక్కువై, 1,40,000 బదులు 2,10,000 అయితే గానీ రెండూ సమానం కావు. కాబట్టి మీ ఈ రెండు కొటేషన్లకు, నాలుగేళ్లూ ఇదే పని చేస్తారనుకుంటే, మీ ఆయన మాటే సరైనది.

కానీ "నాలుగేళ్లూ" అన్న మాట ఉంది చూశారా, అక్కడే లీజు వాళ్లకు చోటు దొరుకుతుంది. రెండేళ్లకే ఆపేయాల్సి వస్తే? ఫ్లాట్ వడ్డీ అప్పులో సగం కాలానికి సగం అసలు తీరిపోతుందనుకుంటాం, తీరదు. 24 ఈఎంఐలు కట్టాక కూడా బాకీ 2,85,000 ఉంటుంది, ముందే తీర్చినందుకు చార్జీ కలిపితే దాదాపు 2,99,000. రెండేళ్ల బండిని 3,30,000కి అమ్మినా, మొత్తం ఖర్చు 5,85,000 తేలుతుంది. అదే రెండేళ్లకు లీజు 6,00,000. అంటే సరిసమానం. అమ్మకం ధర ఒక ముప్ఫై వేలు తగ్గినా లీజే కొంచెం మేలు. అయితే మీ లీజు కాగితంలో 24 నెలల లాక్-ఇన్ ఉంది, అంతకుముందు బండి తిరిగి ఇస్తే మిగిలిన నెలల అద్దె కట్టాలని రాశారు. ఏడాదిలోపు ఆపేస్తే రెండు దారుల్లోనూ నష్టమే. లీజంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు వదిలేయొచ్చు అన్న ధైర్యం ఈ కాగితం ఇవ్వదు.

ఇన్‌కమ్ టాక్స్ మాట తేల్చేద్దాం. మీ వంటి చిన్న వ్యాపారాలు చాలావరకు 44ఏడీ అని మనకు అలవాటైన పద్ధతిలో, అమ్మకాల మీద 6 లేదా 8 శాతం లాభం చూపి రిటర్న్ వేస్తాయి. మీరూ అలాగే వేస్తుంటే అద్దెను విడిగా ఖర్చు రాసుకోవడానికి వీలుండదు, కొన్న బండి తరుగుదలకూ వీలుండదు. ఆ అబ్బాయి చెప్పిన లాభం పూర్తి పద్దులు రాసేవాళ్లది. మీ రిటర్న్ ఎలా వేస్తున్నారో మీ ఆడిటర్‌ను ఒక్క మాట అడిగితే చాలు.

హైదరాబాద్ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. మీ మరిది ద్వారా తెలంగాణకు అమ్మాలంటే మీరు మామూలు జీఎస్టీలోకి మారాలి. మారితే లెక్క కూడా మారుతుంది. సరుకు రవాణా బండి మీద కట్టిన జీఎస్టీని అప్పుడు క్రెడిట్‌గా తీసుకోవచ్చు, కారుకు ఉన్న అడ్డు దీనికి లేదు. లీజు అద్దె మీది జీఎస్టీ నెలనెలా వెనక్కి వస్తుంది, నాలుగేళ్లలో సుమారు 1,77,000. కొంటే బండి, బాడీ మీద కట్టిన జీఎస్టీ సుమారు 90,000 వస్తుంది, కానీ బండి అమ్మే రోజు ఆ అమ్మకం మీద జీఎస్టీ కట్టాలి. అన్నీ సర్దితే తేడా 2,67,000 నుంచి లక్షన్నర దాకా తగ్గుతుంది. అప్పుడూ కొనడమే చవక. అయితే కొనే ముందే మామూలు జీఎస్టీలో ఉంటే క్రెడిట్ తీసుకోవడం సులువు. బండి కొన్నాక మారితే కొంత కోత పడుతుంది. హైదరాబాద్ ఆలోచన ఈ ఆరు నెలల్లో తేలేదైతే ముందు అది తేల్చుకుని తర్వాత బండి బుక్ చేయండి.

ఇప్పుడు మీ టెన్షన్ దగ్గరికి వస్తాను. చవకైనది ఏదో తెలిసినంత మాత్రాన అది మీ చేతికి అందుతుందని కాదు. కొనడానికి మొదటి రోజే 1,20,000, 8,000, బాడీకి 55,000 కావాలి. మొత్తం 1,83,000. మీ దగ్గరున్నది లక్షన్నర. అదంతా పోసేస్తే సంక్రాంతి అరిసెలకు బియ్యం, బెల్లం, నూనె దేనితో కొంటారు? రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెస్తే బండి మీద మిగిలింది అక్కడ పోతుంది.

నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, బాడీని కూడా డీలరు బిల్లులోనే చేర్చమని, దానికీ అప్పు ఇమ్మని అడగడం. అదే ఫ్లాట్ వడ్డీకైతే ఈఎంఐ 15,262 అవుతుంది, బ్యాంకు 11 శాతానికైతే 14,344. చేతి నుంచి 1,28,000తో సరిపోతుంది, కానీ మీకు మిగిలేది 22,000. సరుకు కొట్లో మీకు నెల రోజుల అరువు దొరుకుతుందంటే ఇది నడుస్తుంది. ఈ దారిలో వెళితే ఈఎంఐ కాక నెలనెలా 5,650 వేరే ఖాతాలో పడేయాలి. ఇన్సూరెన్సు, టైర్లు, ఫిట్‌నెస్, షెడ్డు రోజుల కిరాయి అన్నీ అందులోంచే. బండి కొనుక్కున్నవాళ్లు అప్పు వల్ల కన్నా, రెండో ఏడాది ఇన్సూరెన్సు, టైర్లు ఒకే నెలలో వచ్చి మీద పడటం వల్ల ఎక్కువ ఇబ్బంది పడటం నేను చూశాను.

రెండోది, సంక్రాంతి అయ్యేదాకా కిరాయి ఆటోతోనే నడిపించి, పండగ డబ్బు చేతికొచ్చాక కొనడం. దీనివల్ల మీకు పెద్ద నష్టమేమీ లేదు. చూడండి, గ్యాసు, డ్రైవరు జీతం కలిపితే లీజు బండి నెలకు 49,700 దాకా పడుతుంది, ఇప్పటి కిరాయి కంటే ఎక్కువ. సొంత బండి ఈఎంఐ, పక్కన పెట్టే డబ్బుతో 44,900, అంటే ఈఎంఐలు ఉన్నంతకాలం కిరాయి కంటే నెలకు 1,900 మాత్రమే తక్కువ. నాలుగు నెలలు ఆగితే పోయేది ఏడెనిమిది వేలు. పండగ వారాలకు ఆటో అతనికి ముందే కొంత అడ్వాన్సు ఇచ్చి రాయించుకుంటే బండి దొరకలేదన్న బాధ తగ్గుతుంది. కిరాయి బండిలో నలగకుండా ప్లాస్టిక్ క్రేట్లు కొనుక్కుంటే అవి రేపు మీ సొంత బండికీ పనికొస్తాయి.

మూడోది లీజు, కానీ ఈ కొటేషన్‌కు కాదు. నెలకు 2,500 కిలోమీటర్ల హద్దు, లాక్-ఇన్ 12 నెలలు, బండి చెడితే మర్నాటికి వేరే బండి, ఇవన్నీ కాగితం మీద రాసి ఇమ్మనండి. అద్దె జీఎస్టీ కాకుండా 15,800 దగ్గరికి వస్తే కొన్న బండితో సమానమవుతుంది. అంత దిగుతారని నేను అనుకోను. 17,000కి ఒప్పుకున్నారనుకోండి, అప్పుడు మీరు నెలకు 1,400 ఎక్కువ ఇచ్చి అప్పు లేకుండా, రిపేరు భయం లేకుండా ఉంటున్నారన్నమాట. ఆ నిశ్చింతకు ఆ డబ్బు తగునో కాదో మీరూ మీ ఆయనా కూర్చుని చెప్పుకోవాల్సిన మాట. నేను చెప్పేది కాదు.

నేనైతే మొదట బ్యాంకుకు వెళ్తాను. వాళ్లు బాడీతో కలిపి 11, 12 శాతానికి ఇస్తామంటే మొదటి దారి, ఇవ్వమంటే రెండో దారి. ఏ దారి పట్టినా డీలరు బిల్లులో "హ్యాండ్లింగ్, యాక్సెసరీస్" అని ఉన్న 16,000 దేనికో వరస వారీగా రాసి ఇమ్మనండి. అడిగితే అందులో కొంత తగ్గిస్తారు, కనీసం ఆ డబ్బును బాడీ ఖర్చులో సర్దుతారు. బాడీ కట్టేవాడి దగ్గర లోపలి కొలతలు మీ క్రేట్ల సైజుకు సరిపోతాయో లేదో టేపు పెట్టి చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.